అమెరికాలో ఎఫ్-1 మీద ఉండగా షాప్‌లిఫ్టింగ్ కేసు పడితే: ఏం చేయాలి, దేని మీద సంతకం పెట్టకూడదు

ఇది టెక్సాస్‌లో ఎఫ్-1 మీద ఎంఎస్ చేస్తూ మొదటిసారి క్రిమినల్ కేసులో ఇరుక్కున్నవాళ్ళ కోసం రాస్తున్నా. మనవాళ్ళ మొదటి కేసుల్లో నా టేబుల్ మీదకి ఎక్కువగా వచ్చేది షాప్‌లిఫ్టింగే. సెల్ఫ్ చెకౌట్ దగ్గర నాలుగు స్కాన్ చేసి రెండు వదిలేయడం, ఖరీదైన దాని మీద చవక స్టిక్కర్ అంటించడం, ఇలాంటివి. ఎందుకు చేశారని క్లాస్ పీకే ఉద్దేశం నాకు లేదు, ఆ క్లాస్ ఎలాగూ ఇంటి నుంచి ఫోన్లో పడుతుంది. నేను లాయర్ని కాదు, ఇక్కడ ఒక క్రిమినల్ లాయర్ ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే మనిషిని. చాలా ఫైళ్ళలో కనిపించేది ఒకటే, దొంగతనం చిన్నదే, దాన్ని వదిలించుకోవాలన్న తొందరలో పెట్టిన సంతకమే పెద్దదైపోతుంది.

ఇందులో క్రిమినల్ వైపు రూల్స్ టెక్సాస్‌వి, న్యూజెర్సీలోనో మిస్సోరీలోనో ఉన్నవాళ్ళకి పేర్లు, అమౌంట్లు మారతాయి. ఇమిగ్రేషన్ వైపు మాత్రం ఫెడరల్ చట్టం కాబట్టి దేశమంతా ఒకటే.

ఒక కేసు ఊహించుకుని దాని వెంటే నడుద్దాం. కరీంనగర్ నుంచి డెంటన్‌కి వచ్చిన అబ్బాయి, రెండో సెమిస్టర్, పేరు సాయి అనుకోండి. నలభై డాలర్ల బిల్లు కట్టాడు, బండిలో స్కాన్ చేయని సరుకు 135 డాలర్లది ఉంది. తలుపు దాటుతుండగా ఇద్దరొచ్చి పక్కకి రమ్మన్నారు.

స్టోర్ వెనక రూమ్‌లో

వీళ్ళు పోలీసులు కాదు, లాస్ ప్రివెన్షన్ వాళ్ళు. అనుమానం ఉంటే పోలీసులొచ్చేదాకా కాసేపు ఆపే హక్కు వాళ్ళకి ఉంది, కాబట్టి తోసుకుని పారిపోవడం, చెయ్యి విదిలించుకోవడం చేయకండి, దాంతో దొంగతనం కేసు కాస్తా కొట్లాట కేసో దోపిడీ కేసో అయ్యే ప్రమాదం ఉంది. ఇక వాళ్ళు ముందు పెట్టే కాగితాల్లో రెండు రకాలుంటాయి. ఒకటి మళ్ళీ ఈ స్టోర్‌కి రాకూడదనే నోటీసు, అది అందింది అని సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు (కానీ తర్వాత మర్చిపోయి అదే స్టోర్‌కి పాల ప్యాకెట్ కోసం వెళ్తే అది ట్రెస్‌పాస్ అనే కొత్త కేసు). రెండోది "నేను ఫలానా వస్తువులు డబ్బు కట్టకుండా తీసుకున్నాను" అని మీ చేత్తో రాయించే స్టేట్‌మెంట్. ఇది రాయొద్దు. "రాసిచ్చేస్తే పోలీసులని పిలవం" అని మెత్తగా చెప్తారు, రాసిచ్చాక కూడా పిలిచిన ఫైళ్ళు నేను చూశాను. "ఇంతకుముందు కూడా చేశావా" అని కూడా అడుగుతారు, సాయి లాంటివాడు సిన్సియర్‌గా "ఒకటి రెండు సార్లు" అంటాడు, అక్కడ మొదలవుతుంది అసలు తలనొప్పి, ఎందుకంటే ఒకే ప్లాన్ ప్రకారం పలుమార్లు తీసుకున్నారని తేలితే టెక్సాస్‌లో ఆ విలువలన్నీ కూడి ఒకే పెద్ద కేసుగా పెట్టొచ్చు.

పోలీసులు వచ్చాక పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ నిజమే చెప్పండి. మిగతా ప్రతి ప్రశ్నకీ ఒకటే సమాధానం, "ఐ వాంట్ ఎ లాయర్, ఐ డోంట్ వాంట్ టు ఆన్సర్ క్వశ్చన్స్." మర్యాదగా అని ఊరుకోండి, అన్నాక మళ్ళీ మీరే మాట కలపకండి. ఇంకోటి, భయంలో కూడా "అయామ్ ఎ సిటిజన్" అని మాత్రం అనకండి. సిటిజన్‌నని అబద్ధం చెప్పి ఏదైనా లాభం పొందాలని చూశారని తేలితే ఇమిగ్రేషన్‌లో దానికి దాదాపు క్షమాపణ లేదు, ఆ 135 డాలర్ల సరుకు కంటే ఆ ఒక్క మాటే ఎక్కువ నష్టం చేస్తుంది.

జైల్లో, బెయిల్ కట్టే ముందు

కొంతమందిని టికెట్ లాంటి సైటేషన్ ఇచ్చి అక్కడే వదిలేస్తారు, కొంతమందిని కౌంటీ జైలుకి తీసుకెళ్ళి బుకింగ్ చేస్తారు. బుకింగ్‌లో తీసుకున్న వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి, అక్కడి నుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ డేటాబేస్‌తో మ్యాచ్ అవుతాయి. మీరు వీసాకి ఇచ్చిన వేలిముద్రలు ఆల్రెడీ అక్కడున్నాయి కదా. అంటే కోర్టులో మొదటి వాయిదా కూడా పడకముందే మీరు అరెస్ట్ అయ్యారన్న సంగతి ఇమిగ్రేషన్ వైపు తెలిసిపోయినట్టే, "ఎవరికీ తెలియకుండా క్లోజ్ చేసుకుందాం" అనే ప్లాన్ ఉంటే అక్కడితో వదిలేయండి.

జైలు ఫోన్ రికార్డ్ అవుతుంది. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంటారు మనవాళ్ళు, కావాలంటే ట్రాన్స్‌లేట్ చేయించుకోవడం ప్రాసిక్యూటర్‌కి కష్టమేం కాదు. రూమ్‌మేట్‌కి ఫోన్ చేసి ఏ జైల్లో ఉన్నాను, లాయర్ని చూడు, ఇంతవరకే చెప్పండి. ఏం జరిగిందో ఎలా జరిగిందో ఒక్క ముక్క కూడా వద్దు, అమ్మతో కూడా వద్దు.

ఒకటి రెండు రోజుల్లోపు మెజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్ళి ఏ కేసో, ఎంత బాండో చెప్తారు. లాయర్‌కి డబ్బు లేకపోతే కోర్టే లాయర్ని ఇవ్వాలని అక్కడే అడగండి, జైలు శిక్ష పడే అవకాశమున్న కేసుల్లో ఆ హక్కు స్టూడెంట్లకీ ఉంది. ఇండియన్ కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు కూడా ఉంది, టెక్సాస్‌కి అది హూస్టన్‌లో ఉంటుంది. మీరు అడిగితేనే చెప్తారు, అడగకపోతే చెప్పరు. కాన్సులేట్ వాళ్ళు కేసు కొట్టేయించలేరు, కానీ ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టడానికి, మిమ్మల్ని వచ్చి చూడటానికి పనికొస్తారు.

ఇక బయట ఉన్న ఫ్రెండ్స్ చేయాల్సిన పని. బెయిల్ బాండ్స్‌మన్‌కి డబ్బు కట్టే ముందు జైలుకి ఫోన్ చేసి "ఈ మనిషి మీద ఐస్ హోల్డ్ ఉందా" అని అడగండి, ఇంకా మంచిది లాయర్ చేత అడిగించండి. హోల్డ్ ఉంటే బాండ్ కట్టగానే ఇంటికి రాడు, ఇమిగ్రేషన్ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళడానికి ఇంకో 48 గంటల దాకా జైలు పట్టి ఉంచుతుంది, టెక్సాస్‌లో జైళ్ళు ఆ హోల్డ్‌ని పాటించాలని 2017లో చట్టమే చేశారు. అలా ఐస్ తీసుకెళ్ళాక క్రిమినల్ కోర్టు వాయిదాకి రాలేకపోతే ఆ బాండ్ గొడవ ఇంకోటి. అందుకే హోల్డ్ ఉందని తెలిస్తే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ తర్వాతే బాండ్. హోల్డ్ లేకపోతే మామూలుగా కట్టి బయటికి తెచ్చుకోవచ్చు. ఒకవేళ ఐస్ చేతికి వెళ్తే అక్కడ "ఇష్టపూర్వకంగా వెళ్ళిపోతాను" అనే కాగితాలు ముందుకి తోస్తారు, లాయర్ చూడకుండా సంతకం పెట్టొద్దు.

2025 జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం గురించి వాట్సాప్‌లో భయపెట్టే మెసేజ్‌లు తిరుగుతుంటాయి. అందులో షాప్‌లిఫ్టింగ్ పేరు ఉన్న మాట నిజమే, అరెస్ట్ అయినా చాలు డిటెన్షన్‌లో పెట్టాలంటుంది. కానీ అది ప్రధానంగా పేపర్లు లేకుండానో, మోసంతోనో లోపలికి వచ్చినవాళ్ళ మీద పెట్టిన చట్టం, సరైన వీసాతో వచ్చి స్టేటస్ నిలబెట్టుకున్న ఎఫ్-1 వాళ్ళ మీద మామూలుగా పడదు. మీ స్టేటస్‌లో ముందే ఏదైనా తేడా ఉంటే మాత్రం ఇమిగ్రేషన్ లాయర్‌కి మొదటి కాల్‌లోనే చెప్పేయండి.

మీ కేసు ఏ క్లాస్‌లో ఉందో చూసుకోండి

బయటికొచ్చాక మొదట చూడాల్సింది ఛార్జ్ కాగితం మీద సరుకు విలువ. టెక్సాస్‌లో 100 డాలర్లలోపు అయితే క్లాస్ సి, ఫైన్ మాత్రమే. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, గరిష్ఠంగా 180 రోజులు జైలు. 750 నుంచి 2500 లోపు క్లాస్ ఏ, గరిష్ఠంగా ఏడాది. 2500 లేదా ఆపైన అయితే ఫెలనీ, అంటే పెద్ద నేరం. మీకు పడే శిక్ష వేరే సంగతి, మొదటి కేసుకి జైలు పడటం తక్కువే, కానీ ఇమిగ్రేషన్ చూసేది చట్టంలో ఎంత దాకా వేయొచ్చు అని కూడా.

ఎందుకంటే రూల్ ఇలా ఉంటుంది. దొంగతనాన్ని ఇమిగ్రేషన్ చట్టం నీతి తప్పిన నేరం అనే లెక్కలో వేస్తుంది, లాయర్లు దీన్ని సీఐఎంటీ అంటారు. దేశంలోకి అడ్మిట్ అయిన ఐదేళ్ళలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకంటే ఎక్కువ శిక్ష వేసే వీలుంటే, ఆ ఒక్క కన్విక్షన్‌తోనే డిపోర్ట్ చేయొచ్చు. స్టూడెంట్లు దాదాపు అందరూ ఆ ఐదేళ్ళలోపే ఉంటారు. సాయి కేసు క్లాస్ బి, 180 రోజులే, కాబట్టి ఒక్క కన్విక్షన్ వచ్చినా ఈ రూల్ కింద డిపోర్ట్ చేయలేరు. అదే సాయి ఒక 800 డాలర్ల ఫోన్ తీసుకుని ఉంటే క్లాస్ ఏ, గరిష్ఠం ఏడాది, రూల్ సరిగ్గా అక్కడ తగులుతుంది, కోర్టు రెండు రోజుల శిక్ష వేసినా సరే. అందుకే క్లాస్ ఏ కేసుల్లో లాయర్ ముందు విలువ మీద గొడవపడతాడు, స్టోర్ వాడు వేసిన లెక్క నిజమేనా, డిస్కౌంట్ ధర ఎంత, స్కాన్ అయిన వస్తువుని కూడా కలిపేశారా అని. ఏ నుంచి బి కి దిగడం చూడటానికి ఒక్క మెట్టే, ఎఫ్-1 వాడికి మాత్రం ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా.

డిపోర్ట్ కాకపోవడం ఒకటి, మళ్ళీ లోపలికి రానివ్వడం ఇంకోటి. వీసా స్టాంపింగ్‌కి, గ్రీన్ కార్డ్‌కి చూసే లిస్టులో సీఐఎంటీ ఒక్కటున్నా అడ్డమే, కాకపోతే చిన్న నేరాలకి ఒక మినహాయింపు ఉంది: జీవితంలో అలాంటిది ఒక్కటే అయ్యుండాలి, గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు, పడిన శిక్ష ఆరు నెలలు మించకూడదు. సాయికి ఇది వర్తిస్తుంది. ఆ "ఒక్కటే" అన్నది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ పనికొస్తుంది.

ప్రాసిక్యూటర్ ఆఫర్ వచ్చినప్పుడు

అసలు కథంతా ఇక్కడే. మొదటి కేసు కదా, చదువుకునే పిల్లాడు కదా, ప్రాసిక్యూటర్ మంచి ఆఫరే ఇస్తాడు. అది క్రిమినల్ కోర్టుకి మంచి ఆఫర్, ఇమిగ్రేషన్‌కి మంచిదో కాదో అతనికి అక్కర్లేదు.

టెక్సాస్‌లో తరచుగా వచ్చేది డిఫర్డ్ అడ్జుడికేషన్. గిల్టీ అనో, తప్పు ఒప్పుకోను కానీ ఎదురు వాదించను అనే నో కాంటెస్ట్ అనో ప్లీ ఇస్తారు, జడ్జి కన్విక్ట్ చేయకుండా ఆర్నెల్లో ఏడాదో ప్రొబేషన్ మీద పెడతాడు, ఫీజు కట్టి, కమ్యూనిటీ సర్వీస్ చేసి, క్లాస్‌లో కూర్చుంటే కేస్ డిస్మిస్. "రికార్డు మీద కన్విక్షన్ ఉండదు" అని చెప్తారు, టెక్సాస్ వరకు అది నిజమే. ఇమిగ్రేషన్ చట్టంలో లెక్క వేరు: గిల్టీ లేదా నో కాంటెస్ట్ ప్లీ ఉండి, లేదా నేరం రుజువయ్యేంత విషయాలు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో పెడితే చాలు, అది కన్విక్షనే. తర్వాత డిస్మిస్ అయినా, రికార్డు చెరిపేసినా అది పోదు. కాబట్టి సాయి ఈ ఆఫర్‌కి ఓకే అంటే టెక్సాస్ దృష్టిలో క్లీన్, అమెరికా ఇమిగ్రేషన్ దృష్టిలో దొంగతనం కన్విక్షన్ ఉన్నవాడు. నో కాంటెస్ట్ అంటే ఒప్పుకోనట్టే కదా అనే వాదన చాలాసార్లు విన్నా, ఇక్కడ అది ఎందుకూ పనికిరాదు.

రెండో ఆఫర్ ప్రీట్రయల్ డైవర్షన్, కొన్ని కౌంటీల్లో ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ అంటారు. ఇందులో ప్లీ ఉండదు, ప్రోగ్రామ్ పూర్తిచేస్తే కేస్ డిస్మిస్. స్టూడెంట్లకి ఎక్కువగా కావాల్సింది ఇదే. కానీ కాగితం చదవండి, ఒక్కో పేజీ చదవండి. చాలా కౌంటీల ఒప్పందంలో ఎక్కడో వెనక పేజీలో "నేను ఫలానా రోజు ఫలానా నేరం చేశానని ఒప్పుకుంటున్నాను" అనే ముక్క ఉంటుంది, ప్రోగ్రామ్ మధ్యలో ఎగ్గొడితే మీ మీద వాడుకోవడానికి ప్రాసిక్యూటర్ అది ముందే పెట్టించుకుంటాడు. 2017లో ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు మ్యాటర్ ఆఫ్ మొహమద్ అనే తీర్పులో సరిగ్గా టెక్సాస్ ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ మీదే చెప్పింది, ఒప్పందంలో చేరేటప్పుడే నేరానికి సరిపడా విషయాలు ఒప్పుకుని, ఆ ఒప్పందాన్ని జడ్జి ఆమోదించి సూపర్‌విజన్, సర్వీస్, ఫీజుల్లాంటివి పెడితే అది కన్విక్షన్ కిందే లెక్క అని. ప్లీ లేకపోయినా సరే.

కాబట్టి మీ లాయర్ని అడగాల్సింది "డైవర్షన్ దొరుకుతుందా" అని కాదు. ఇందులో ఎక్కడైనా ఒప్పుకోలు ఉందా, అది తీసేయించగలమా, దీని మీద జడ్జి సంతకం ఉంటుందా లేక నాకూ ప్రాసిక్యూటర్‌కీ మధ్యే ఉంటుందా, ఈ మూడూ అడగండి. చాలామంది ప్రాసిక్యూటర్లు అడిగితే ఆ పేరా తీసేయడానికి ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే లాయర్లు వేరే దారి చూస్తారు, దొంగతనం తీసేసి ట్రెస్‌పాస్ లాంటి నీతి తప్పినది కాని చిన్న నేరానికి మార్చడమో, మొత్తానికి డిస్మిస్ చేయించడమో, వీడియో బలహీనంగా ఉంటే ట్రయల్‌కి వెళ్తామని గట్టిగా నిలబడటమో.

దీనికి ఇద్దరు లాయర్లు కావాలి. క్రిమినల్ లాయర్ ఆ కౌంటీ కోర్టు తెలిసినవాడై ఉండాలి, ఇమిగ్రేషన్ లాయర్ ఎక్కడున్నా పర్లేదు, ఎందుకంటే చట్టం ఒకటే. 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది, ప్లీ వల్ల ఇమిగ్రేషన్ మీద ఏం పడుతుందో క్లయింట్‌కి చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని. కోర్టు ఇచ్చిన లాయర్‌కి కూడా అది వర్తిస్తుంది. ఆ మాట మర్యాదగా గుర్తు చేయండి, ఒప్పందం డ్రాఫ్ట్ కాపీ ఈమెయిల్‌లో తీసుకుని ఇమిగ్రేషన్ లాయర్‌కి పంపి, అతను రాతపూర్వకంగా పర్లేదు అన్నాకే సంతకం. ఒక్క గంట కన్సల్టేషన్ ఫీజు దగ్గర లెక్క చూసుకునేవాళ్ళని చూస్తుంటా, సెమిస్టర్ ఫీజు ఎంత కడుతున్నారో గుర్తొస్తే బాగుండు.

ఫైన్ కట్టి వదిలించుకునే టికెట్

ఇది చిన్న కేసే, కానీ ఎక్కువమంది పడేది ఇందులోనే, అందుకే విడిగా చెప్తున్నా. సరుకు 100 డాలర్లలోపు ఉంటే పోలీసాఫీసర్ అచ్చం ట్రాఫిక్ టికెట్ లాంటి కాగితమిచ్చి వెళ్ళిపోతాడు, మున్సిపల్ కోర్టు వెబ్‌సైట్‌లో కార్డు పెట్టి ఫైన్ కట్టే ఆప్షన్ కూడా ఉంటుంది. సీనియర్ చెప్తాడు, "రెండొందలు కట్టేయ్ రా, అయిపోద్ది" అని. అలా కడితే మీరు గిల్టీ అనో నో కాంటెస్ట్ అనో ప్లీ ఇచ్చి దొంగతనానికి ఫైన్ కట్టినట్టు, అంటే ఇమిగ్రేషన్ లెక్కలో కన్విక్షన్ అయ్యే ప్రమాదం తలమీద పెట్టుకున్నట్టే. ఇదే కోర్టులో డిఫర్డ్ డిస్పోజిషన్ అని ఇంకోటి ఇస్తారు, అందులోనూ ప్లీ ఉంటుంది కాబట్టి అదే కథ.

ఆ ఒక్కదానికే వెంటనే ఏం కాకపోవచ్చు. కానీ రెండేళ్ళ తర్వాత ఇంకో చిన్న కేసు పడిందనుకోండి, "జీవితంలో ఒక్కటే" అనే మినహాయింపు పోయింది, పైగా విడివిడి సంఘటనల్లో రెండు సీఐఎంటీ కన్విక్షన్లు ఉంటే శిక్ష ఎంత చిన్నదైనా, వచ్చి ఎన్నేళ్ళైనా డిపోర్ట్ చేయొచ్చు. అందుకని టికెట్ మీద థెఫ్ట్ అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో కట్టకండి, కాగితం మీదున్న తేదీలోపు లాయర్ ద్వారా నాట్ గిల్టీ అని వేయించండి. ఈ కేసుల్లో కోర్టు లాయర్ని ఇవ్వదు, సొంతంగా పెట్టుకోవాలి.

దీనితో పాటు ఇంటికి ఒక లెటర్ కూడా వస్తుంది, స్టోర్ తరఫున ఏదో లా ఫర్మ్ నుంచి, ఇన్ని డాలర్లు కట్టమని. అది సివిల్ డిమాండ్, కోర్టు ఫైన్ కాదు, అది కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు పోదు. కట్టాలా వద్దా అనేది లాయర్ చేతికిచ్చేయండి.

యూనివర్సిటీ, సెవిస్, వీసా

ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ మంచి మనిషే అయ్యుండొచ్చు, కానీ ఆవిడ మీ లాయర్ కాదు, మీరు చెప్పింది రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత లాయర్‌కి ఉన్నట్టు ఆవిడకి లేదు. కన్విక్షన్ వల్ల యూనివర్సిటీ మీ మీద చర్య తీసుకుంటే స్కూల్ సెవిస్‌లో రిపోర్ట్ చేయాలి, ఉట్టి అరెస్ట్‌కి అలాంటి రూల్ లేదు. కొన్ని యూనివర్సిటీల స్టూడెంట్ కోడ్‌లో అరెస్ట్ అయితే మీరే చెప్పాలని ఉంటుంది, అది ముందు చదివి, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ తర్వాత డీఎస్ఓ దగ్గరికి వెళ్ళండి. మీ చేతిలో ఉన్న పని స్టేటస్ చెడకుండా చూసుకోవడం: ఫుల్ టైమ్ క్రెడిట్స్ తగ్గకూడదు, కోర్టు వాయిదా ఉందని కోర్సు డ్రాప్ చేయకండి. ఇల్లు మారితే పదిరోజుల్లోపు అడ్రస్ అప్‌డేట్ చేయాలి, కోర్టులో కూడా మార్పించాలి. పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిన నోటీస్ చూడక వాయిదా తప్పితే వారెంట్ వస్తుంది, అప్పుడు ఇంటికొచ్చి పట్టుకెళ్తారు.

వీసా, స్టేటస్ రెండూ వేరు. పాస్‌పోర్ట్‌లో ఉన్న స్టాంప్ లోపలికి రావడానికి, ఐ-20, సెవిస్ రికార్డు ఇక్కడ ఉండటానికి. అరెస్ట్ అయ్యిందని తెలిస్తే చాలు, కన్విక్షన్ లేకపోయినా స్టేట్ డిపార్ట్‌మెంట్ స్టాంప్‌ని రద్దు చేయగలదు, మీరు డీఎస్-160లో ఇచ్చిన ఈమెయిల్‌కి ఒక మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ స్పామ్‌లో పడి చూసుకోనివాళ్ళు ఉన్నారు, రోజూ చూడండి. స్టాంప్ రద్దయితే దానంతట అదే చదువు ఆగిపోవాలని కాదు, కానీ బయటికి వెళ్తే కొత్త స్టాంప్ లేకుండా తిరిగి రాలేరు, పైగా వీసా రద్దునే కారణంగా చూపి రిమూవల్ కేసు పెట్టే అధికారం కూడా చట్టంలో ఉంది.

2025 వసంతంలో ఇది ఎంత దూరం వెళ్ళిందో అందరం చూశాం. స్టూడెంట్ల పేర్లని పోలీస్ డేటాబేస్‌తో కలిపి చూసి, ఎక్కడ ఏ చిన్న ఎంట్రీ తగిలినా, డిస్మిస్ అయిన కేసులు, ట్రాఫిక్ గొడవలు కూడా, వేల సెవిస్ రికార్డులు టెర్మినేట్ చేసేశారు. స్టూడెంట్లు దేశమంతటా కోర్టుల్లో కేసులు వేశారు, చాలా చోట్ల జడ్జిలు ఆపారు, ఏప్రిల్ చివర్లో ప్రభుత్వమే రికార్డులు వెనక్కి తెస్తామని కోర్టులో చెప్పింది. తర్వాత వీసా రద్దు కావడాన్ని కూడా సెవిస్ టెర్మినేషన్‌కి ఒక కారణంగా కొత్త పాలసీలో రాసుకున్నారు. కాబట్టి మెయిల్ వస్తే చేయాల్సింది: కంగారులో టికెట్ బుక్ చేయకుండా అదే రోజు మెయిల్‌ని ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫార్వర్డ్ చేయడం, సెవిస్ యాక్టివ్‌గా ఉందా లేదా డీఎస్ఓ చేత చెక్ చేయించి స్క్రీన్‌షాట్ తీసుకోవడం, లాయర్ ఆగమనేదాకా క్లాసులకి వెళ్తూ ఉండటం. క్యాంపస్ జాబో ఓపీటీనో చేస్తుంటే మాత్రం సెవిస్ టెర్మినేట్ అని కనపడిన రోజే పని ఆపి లాయర్ని అడగండి.

కేసు నడుస్తుండగా ఇండియా వెళ్ళొద్దు. అక్క పెళ్ళైనా సరే. బాండ్ షరతుల్లో అనుమతి లేకపోవచ్చు, ఉన్నా ఎయిర్‌పోర్ట్‌లో తిరిగి వచ్చేటప్పుడు పెండింగ్ కేసు కనపడుతుంది, స్టాంప్ అప్పటికే రద్దయి ఉండొచ్చు కూడా.

షాప్‌లిఫ్టింగ్ కాని వేరే మొదటి కేసుల గురించి రెండు ముక్కలు. తాగి బండి నడిపిన మామూలు డీడబ్ల్యూఐ కేసు ఒకటి సాధారణంగా సీఐఎంటీ కాదు, కానీ వీసా రద్దు మాత్రం చాలా త్వరగా వస్తుంది, మళ్ళీ స్టాంపింగ్‌కి వెళ్తే డాక్టర్ పరీక్షకి పంపిస్తారు. డ్రగ్స్ కేసు వీటన్నిటికంటే ప్రమాదం, టెక్సాస్‌లో గంజాయి ఆయిల్ ఉన్న వేప్ పెన్ ఒక్కటి దొరికినా ఫెలనీ. రూమ్మేట్ల మధ్య, భార్యాభర్తల మధ్య కొట్లాట కేసులకి ఇంకో లెక్క ఉంది, అది ఇక్కడ సరిపోదు.

కేసు డిస్మిస్ అయ్యాక

సాయి లాయర్ ఆ ఒప్పుకోలు పేరా తీసేయించాడు, డైవర్షన్ పూర్తయింది, కేసు డిస్మిస్ అయిందనుకుందాం. ఇప్పుడు రికార్డు చెరిపేయించుకోవాలి, దాన్ని టెక్సాస్‌లో ఎక్స్‌పంక్షన్ అంటారు. చేయించుకోండి, ఇక్కడి ఉద్యోగాల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి మంచిదే. కానీ దానికి ముందు కౌంటీ క్లర్క్ ఆఫీసుకి వెళ్ళి ఛార్జ్ కాగితం, డాకెట్ షీట్, డిస్మిసల్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు సెట్లు తీసుకోండి, లాయర్ దగ్గర నుంచి పోలీస్ రిపోర్ట్, సంతకం చేసిన డైవర్షన్ ఒప్పందం కాపీ కూడా. ఎక్స్‌పంక్షన్ అయ్యాక క్లర్క్‌ని అడిగితే "అలాంటి కేసే లేదు" అంటుంది, ఆవిడ చట్టప్రకారం అలా అనాల్సిందే. మీ వేలిముద్రల ఎంట్రీ మాత్రం ఇమిగ్రేషన్ దగ్గర అలాగే ఉంటుంది, అరెస్ట్ అని కనపడుతుంది, ఎలా ముగిసిందో చూపించే కాగితం మీ దగ్గర కూడా లేదు. అలా ఇరుక్కున్నవాళ్ళకి సాయం చేయడం మా ఆఫీసుకే చాలా కష్టమైపోతుంది.

తర్వాత హెచ్-1బి స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళినప్పుడు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అనే ప్రశ్న ఉంటుంది, కన్విక్ట్ అయ్యారా అని మాత్రమే కాదు. డిస్మిస్ అయినా, రికార్డు చెరిపినా అవును అనే పెట్టాలి. లేదు అని పెడితే చిన్న దొంగతనం కేసు స్థానంలో వీసా అధికారికి అబద్ధం చెప్పిన కేసు వచ్చి కూర్చుంటుంది, దాన్ని కదిలించడం దీనికంటే కష్టం. వివరణ బాక్స్‌లో తేదీ, కౌంటీ, ఛార్జ్, డిస్మిస్ అయిన తేదీ, అంతే, కథ రాయకండి, సారీలు చెప్పకండి, "చేశాను" అనే మాట అస్సలు రాకూడదు, ఎందుకంటే కన్విక్షన్ లేకపోయినా నేరం చేసినట్టు ఒప్పుకోవడమే వీసా ఆపడానికి కారణం అవ్వొచ్చు. ఆ రెండు లైన్లు కూడా ఇమిగ్రేషన్ లాయర్ చేత రాయించుకోండి.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి వెళ్ళేటప్పుడు ఒక సెట్ ఫైల్‌లో, ఇంకో సెట్ ఇంట్లో పెట్టుకుని వెళ్ళండి. ఆఫీసర్ ఇంటర్వ్యూలోనే కాపీలు తీసుకుని 221జి స్లిప్ ఇచ్చి పెండింగ్‌లో పెట్టొచ్చు, అది వారాలు కూడా పట్టొచ్చు, కాబట్టి రిటర్న్ టికెట్ మార్చుకునే వీలున్నది తీసుకోండి, ఆఫీసులో లీవ్ కూడా ఆ లెక్కన ముందే అడిగి పెట్టుకోండి.